రోజుకు పావుగంట తెలుగు: విదేశంలో పెరిగే పిల్లలతో చదివించే, మాట్లాడించే పద్ధతి

ఈ మార్గదర్శి ఒక రకం పిల్లల కోసం. వయసు ఆరు నుంచి తొమ్మిది. ఇంట్లో తెలుగు వింటూ పెరిగారు. "పాలు తాగావా?" అంటే అర్థమవుతుంది, కానీ జవాబు "యా, ఐ డిడ్" అని వస్తుంది. స్కూల్లో ఇంగ్లిష్ చదవడం బాగానే వచ్చింది, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ తెలియదు, లేదా గోడమీది వర్ణమాల చార్టులో నాలుగైదు గుర్తుపడతారు. అమెరికాలో మా అమ్మాయి సరిగ్గా ఇలాగే ఉండేది. ఆమెకు ఏడేళ్ళప్పుడు మొదలుపెట్టిన పద్ధతిని, తర్వాత తెలిసినవాళ్ళ పిల్లలతో సరిదిద్దుకున్న రూపంలో ఇక్కడ రాస్తున్నాను.

చదవడానికి ఏడు నిమిషాలు, మాట్లాడటానికి ఏడు నిమిషాలు, రెండూ వేరువేరు వేళల్లో. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంతే. శనివారం అమ్మమ్మతోనో నానమ్మతోనో వీడియో కాల్. ఆదివారం అరగంట సమీక్ష. వచ్చే వారం ఏం చేయాలో ఆ సమీక్షే చెబుతుంది.

మొదటి పని: పిల్లల నోట ఉన్న మాటలు రాసుకోవడం

పుస్తకాలు, చార్టులు కొనకముందు ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. నాలుగు రోజులపాటు పిల్లలు తమంతట తాము పలికే తెలుగు మాటలన్నీ అందులో రాయండి. అర్థమయ్యాయని వాళ్ళు తల ఊపినవి కాదు, వాళ్ళ నోటితో అన్నవే. ఇంగ్లిష్ వాక్యం మధ్యలో వచ్చినా సరే రాయండి. తిండి, ఒంటి భాగాలు, చుట్టరికాలు, "వద్దు", "రా", "చాలు" వంటివి దొరుకుతాయి. ఏమీ మాట్లాడదు అనుకున్న పిల్లల దగ్గర కూడా ముప్పై నలభై మాటలు తేలికగా తేలతాయి.

చదవడం నేర్పేది ఈ మాటలతోనే. పిల్లలు "పా... లు" అని కూడబలుక్కుంటూ చదివినప్పుడు, అది తెలిసిన మాటే కాబట్టి "ఓ, పాలు!" అని చెవి వెంటనే ఒప్పుకుంటుంది. తప్పు చదివితే అలాంటి మాట లేదని వాళ్ళకే తోస్తుంది. చార్టులో కనిపించే ఋషి, ఔషధం, ఐరావతం వాళ్ళెప్పుడూ వినలేదు. వాటిని సరిగ్గా చదివారో లేదో తెలుసుకునే దారి వాళ్ళకు ఉండదు, ప్రతిసారీ మీ మొహం వైపు చూస్తారు.

అక్షరాల వరుస

అ నుంచి అః దాకా అచ్చులన్నీ నేర్పి, తర్వాత హల్లులు, తర్వాత గుణింతాలు, చివర ఒత్తులు అనేది మనం నేర్చుకున్న వరుస. ఊరంతా తెలుగే ఉన్నచోట అది నడిచింది. చదవడానికి వారానికి ఒకటిన్నర గంట కూడా దొరకని ఇంట్లో మాత్రం అది చాలా ఆలస్యం చేస్తుంది. తెలుగులో అచ్చు అక్షరాలు దాదాపుగా మాట మొదట్లోనే వస్తాయి. మాట మధ్యలో అచ్చు దాదాపు ఎప్పుడూ గుణింతపు గుర్తుగా హల్లు మీదో పక్కనో కూర్చుంటుంది. అందుకే అచ్చులన్నీ వచ్చిన పిల్ల కూడా రెండు నెలల తర్వాత "పాలు" చదవలేకపోతుంది.

నేను వాడే వరుస ఇది. మొదటి వారం త, ల, క, మ, ప అనే ఐదు హల్లులు, వాటితోపాటు దీర్ఘం. ఇంత మాత్రంతోనే తల, తాత, పాప, మామ, మాల, పలక, పాత, కల వచ్చేస్తాయి. రెండో వారం ర, గ, న, కొమ్ము. పాలు, కాలు, కారు, తలుపు, పాము, నాలుగు, నాలుక, తాగు అందుతాయి. "పాపకు పాలు", "తాత కారు", "పాప, పాలు తాగు" అని చిన్న వాక్యాలు కూడా కుదురుతాయి. మూడో వారం గుడి, గుడిదీర్ఘం, కొత్త హల్లుగా ద. కాకి, పులి, గది, నీరు. నాలుగో వారం సున్నా, డ, చ. ఐదో వారమే జంట ఒత్తులు తెచ్చేయండి. వర్ణమాల వరుసలో ఇవి చివరికి పోతాయి, కానీ అమ్మ, నాన్న, అన్నం, పప్పు, ఉప్పు, అక్క, ఇల్లు అన్నీ జంట ఒత్తుల మాటలే. ఇంట్లో రోజూ వినిపించే మాటలు అవే కదా. అ, ఇ, ఉ ఆ మాటలతోపాటే వచ్చేస్తాయి. వారాలంటే ఇక్కడ క్యాలెండర్ వారాలు కాదు. ఒక్కో మెట్టు ఒక వారం పట్టవచ్చు, మూడు పట్టవచ్చు.

ఒకేలా కనిపించే అక్షరాలను పక్కపక్కన నేర్పకండి. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టే జంట మ, వు. చూడండి, ఎంత దగ్గరగా ఉన్నాయో. అందుకే మొదటి వారంలో మ పెట్టి, వ ను ఐదో మెట్టు దాటాకే తెచ్చాను. ప, వ, ష, స కూడా ఒకే పోలికలో ఉంటాయి. ఒకటి బాగా కుదిరాకే ఇంకొకటి.

కార్డులు చేతిరాతతో చేసుకోండి, లేదా పెద్ద సైజులో ప్రింట్ తీయండి. Noto Sans Telugu లాంటి సాదా ఫాంట్ చాలు, పెళ్ళి కార్డుల మీద వాడే వంకర ఫాంట్లు వద్దు. ఒక నియమం గట్టిగా పెట్టుకోండి: కార్డు మీద ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ రాయకూడదు. అది ఉంటే పిల్లల కన్ను దానిమీదికే పోతుంది, తెలుగు అక్షరం వైపు చూడరు.

చదివే ఏడు నిమిషాలు

బడి నుంచి వచ్చి ఏదో తిన్న తర్వాతి వేళ బాగుంటుంది. పడుకునే ముందు కుదరదని నా అభిప్రాయం. అప్పటికి అలిసిపోయి ఉంటారు, ప్రతి తప్పూ ఏడుపు దాకా పోతుంది.

మొదటి రెండు నిమిషాలు పాత కార్డులు. పది చాలు, గబగబా చూపించండి. తర్వాత రెండు నిమిషాలు కొత్తది, రోజుకు ఒక అక్షరమో ఒక గుర్తో, అంతకు మించకూడదు. మీరు పలుకుతూ వేలితో గీయండి, తర్వాత పిల్లలు చిన్న వైట్‌బోర్డు మీద మూడుసార్లు రాస్తారు. మొదటి వారంలో ఐదు అక్షరాలకు ఐదు రోజులు సరిపోతాయి. దీర్ఘం మాత్రం త, ల రాగానే మూడోరోజు నుంచి కలపండి, లేకపోతే చదవడానికి మాటలు ఉండవు. మిగిలిన మూడు నిమిషాలు మాటలు, వాక్యాలు ఉన్న ఒక కాగితం. ఆరు మాటలు, రెండు వాక్యాలు.

గుణింతం దగ్గర ఒక మాట. "క కి దీర్ఘమిస్తే కా" అని మనం పాడుకుంటూ నేర్చుకున్నాం. రాసేటప్పుడు అది పనికొస్తుంది. చదివేటప్పుడు మాత్రం పిల్లల్ని నెమ్మది చేస్తుంది. "ప కి దీర్ఘమిస్తే పా, ల కి కొమ్మిస్తే లు" అనుకునేసరికి మొదటి ముక్క మరిచిపోతారు. పా అనేది ఒకే బొమ్మ, ఒకే ధ్వని అన్నట్టు కార్డు మీద చూపించండి. ప, పా, పు మూడు కార్డులు పక్కపక్కన పెట్టి, మీరు పలికినదాన్ని తట్టమనండి. ఈ తట్టే ఆట రెండు మూడు రోజులు ఆడితే కూడబలుక్కోవడం చాలా తగ్గుతుంది.

నిజంగా చదువుతున్నారా, గుర్తుపెట్టుకుని చెబుతున్నారా అనేది మధ్యమధ్యలో చూసుకోవాలి. కాగితం మీద మాటల వరుస మార్చండి. బొమ్మ ఉంటే చేత్తో మూసేయండి. "లమపా", "గారుతు" లాంటి అర్థంలేని మాట ఒకటి రాసివ్వండి. అక్షరాలు వచ్చిన పిల్లలు దాన్ని నవ్వుతూ చదివేస్తారు. బట్టీ పట్టినవాళ్ళు దాని దగ్గరే ఆగిపోతారు, లేదా తెలిసిన మాట ఏదో దానికి తగిలిస్తారు.

మాట్లాడే ఏడు నిమిషాలు

దీనికి రాత్రి భోజనం వేళ పెట్టుకోండి. పుస్తకం, కార్డు ఏవీ కనిపించకూడదు. వారానికి ఒకే ఒక వాక్యపు మూస తీసుకోండి. మొదటి వారం "నాకు ___ కావాలి, నాకు ___ వద్దు". రెండో వారం "నేను ___ తిన్నాను, తాగాను, చూశాను". మూడో వారం "నాకు ___ అంటే ఇష్టం, ఎందుకంటే...".

"తెలుగులో చెప్పు" అని అడిగితే పిల్లలు మూగపోతారు. ప్రశ్న అడిగే తీరు మారిస్తే జవాబు మారుతుంది. "పెరుగు వెయ్యనా?" అంటే తల ఊపితే సరిపోతుంది, నోరు విప్పాల్సిన అవసరం లేదు. "పెరుగు వెయ్యనా, పప్పు వెయ్యనా?" అంటే ఒక మాటైనా అనాలి. అది రెండు మూడు రోజులు నడిచాక "ఏం వెయ్యను?" అని అడిగి, గరిటె పట్టుకుని ఆగండి. పది సెకన్లు ఆగడం పెద్దవాళ్ళకు చాలా కష్టం, మనమే జవాబు అందించేస్తాం. ఆగాలి.

ఇక్కడ వచ్చే తప్పుల్లో ఒకదాని గురించి వివరంగా చెప్పాలి. మా అమ్మాయి "నేను పాలు తాగావు" అనేది. అడిగితే చాలా ఇళ్ళల్లో ఇదే విన్నాను. పిల్లలతో మనం రోజంతా "తిన్నావా, తాగావా, వచ్చావా" అనే అంటాం. వాళ్ళ చెవిన పడే క్రియ ఎక్కువగా "తిన్నావు, తాగావు" రూపంలోనే ఉంటుంది. "తిన్నాను" అనే రూపం వినాలంటే ఇంట్లో ఇంకెవరో తమ గురించి తాము చెప్పుకోవాలి. అందుకే రెండో వారం మొత్తం పెద్దవాళ్ళు ముందు మాట్లాడాలి. "నేను ఈరోజు ఆఫీసులో ఉప్మా తిన్నాను. కాఫీ తాగాను. నువ్వు?" అని అడిగితే, పిల్లల నోట "నేను పీజా తిన్నాను" అని వచ్చే అవకాశం ఉంటుంది. తండ్రి ఒకసారి, తల్లి ఒకసారి చెబితే ఇంకా మంచిది.

తప్పు చెప్పినప్పుడు ఆపి దిద్దకండి. "నేను పాలు డ్రింక్ చేశాను" అంటే "పాలు తాగావా? నేనూ తాగాను" అని సరైన రూపాన్ని మీ మాటలో కలిపి అనేసి ముందుకు వెళ్ళండి. ఇంగ్లిష్ క్రియకు "చేశాను" తగిలించడం తెలుగు వ్యాకరణం పట్టుబడుతోందనడానికి గుర్తు, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఒక వారంలో ఒక రకం తప్పునే పట్టించుకోండి. ఆ వారం "ను" దిద్దుతుంటే మిగతావి వదిలేయండి.

తర్వాతి వారాల్లో మనం, మేము తేడాకు ఒక వారం మొత్తం ఇవ్వండి. ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒకటే మాట కాబట్టి పిల్లలు అన్నిటికీ "మనం" వాడతారు. పేకాటో క్యారమ్సో ఆడుతూ రెండు జట్లుగా విడిపోతే ఇది తేలికగా వస్తుంది. "మేము గెలిచాం, మీరు ఓడిపోయారు. ఇప్పుడు మనం ఐస్‌క్రీమ్ తిందాం" అని పదిసార్లు వింటే చాలు. వివరించి చెప్పక్కర్లేదు.

ఉచ్చారణకు విడిగా సమయం పెట్టను, కానీ మూడు చోట్ల చెవి పెడతాను. ఒకటి, తాత "టాట" అవుతోందా. త కి నాలుక కొన పై పళ్ళ వెనక తగలాలి, ట కి నాలుక వెనక్కి మడవాలి. అద్దం ముందు చూపిస్తే పట్టుకుంటారు. రెండు, మాట మొదట్లో ప, క గట్టిగా ఊదుతున్నారా. ఇంగ్లిష్‌లో "పెన్" అన్నప్పుడు నోటి ముందు పట్టుకున్న టిష్యూ కాగితం ఎగురుతుంది. "పాప" అన్నప్పుడు అది దాదాపు కదలకూడదు. ఈ టిష్యూ ఆట పిల్లలకు మహా ఇష్టం. మూడు, "అక్క"ను "అక" అంటున్నారా. ఒత్తు దగ్గర ఒక్క క్షణం ఆగి పలకాలి. ఆ చోట చప్పట్లు కొట్టించండి, అ అని ఒక చప్పట, క్క దగ్గర ఇంకొకటి.

ఇంట్లో మీ మాట ఏ ప్రాంతానిదైతే అదే మాట్లాడండి. మీరు "వచ్చిండు" అంటే పిల్లలూ "వచ్చిండు" అంటారు, కాగితం మీద కూడా అలాగే రాసి చదివించండి. పుస్తకాల్లో "వచ్చాడు" కనిపించినప్పుడు రెండూ ఒకటేనని చెబితే సరిపోతుంది.

శనివారం ఫోన్

అమెరికాలో సెంట్రల్ టైమ్ జోన్‌లో ఉన్నవాళ్ళకు శనివారం రాత్రి ఎనిమిది అంటే ఇండియాలో ఆదివారం ఉదయం, వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పెద్దవాళ్ళు కాఫీ తాగుతూ తీరిగ్గా ఉండే వేళ. ముందే ఒక మెసేజ్ పెట్టండి: "అమ్మా, ఈ వారం దీనికి 'తిన్నాను, తాగాను' నేర్పుతున్నాం. నువ్వు ఏం తిన్నావో ముందు చెప్పి, తర్వాత దాన్ని అడుగు. కాసేపు ఆగు, ఇంగ్లిష్‌లో అడగకు." ఈ మెసేజ్ లేకపోతే "బాగున్నావా? తిన్నావా? నాన్న ఏడీ?" దగ్గరే కాల్ అయిపోతుంది.

ఆదివారం సమీక్ష

అరగంటలో మూడు పనులు. మొదటిది చదివే పరీక్ష. పదిహేను మాటలున్న కాగితం కొత్తగా తయారుచేయండి. ఎనిమిది ఈ వారంవి, నాలుగు పాత వారాలవి, మూడు అర్థంలేనివి. పిల్లలు చదువుతుంటే మీ దగ్గరున్న రెండో కాగితం మీద ఏం పలికారో అలాగే రాసుకోండి. టిక్కులు, ఇంటూలు పెట్టకండి. తప్పు ఎలా పలికారన్నదే మీకు కావలసిన సమాచారం. పదమూడో అంతకంటే ఎక్కువో సరిగ్గా వస్తే తర్వాతి మెట్టుకు వెళ్ళండి. పది నుంచి పన్నెండు వస్తే అవే అక్షరాలతో కొత్త మాటలు ఇంకో వారం. పదిలోపు అయితే చివరగా తెచ్చిన గుర్తును పక్కన పెట్టి ఒక మెట్టు వెనక్కి. ఇవి నేను వాడి చూసి పెట్టుకున్న హద్దులు, మీ పిల్లల్ని బట్టి కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు.

రెండోది కార్డుల సర్దుబాటు. మూడు పెట్టెలు పెట్టుకోండి. చూడగానే చెప్పినవి ఒకదాంట్లో, తడబడినవి ఒకదాంట్లో, రానివి ఒకదాంట్లో. రానివి, తడబడినవి వచ్చే వారం రోజూ కనిపించాలి. బాగా వచ్చినవి వారానికి ఒక్కసారి చాలు. పిల్లలే స్వయంగా పెట్టెల్లో వేస్తే వాళ్ళకు ఏది రాదో వాళ్ళకే తెలుస్తుంది.

మూడోది ఒక నిమిషం రికార్డింగ్. వారం మొత్తంలో తీసిన ఫోటో ఒకటి చూపించి దాని గురించి చెప్పమనండి. ఫోన్‌లో తేదీతో దాచండి. వింటూ ఒక్కటే లెక్కపెట్టండి: తెలుగు క్రియతో ముగిసిన వాక్యాలు ఎన్ని. మధ్యలో ఇంగ్లిష్ నామవాచకాలు ఉన్నా పర్వాలేదు, "పార్క్‌లో డాగ్‌ని చూశాను" తెలుగు వాక్యమే.

ఒక వారం ఎలా నడిచిందంటే

రెండో మెట్టు చివర మా అమ్మాయికి ఇచ్చిన కాగితంలో పాలు, కాలు, కారు, తలుపు, పాము, నాలుగు, నాలుక, తాగు కొత్త మాటలు. పలక, మాల, తాత, కల పాతవి. గామురు, లుకాత, పనుగా అర్థంలేనివి. పది సరిగ్గా వచ్చాయి. పైపైన చూస్తే కొమ్ము కొత్తది కాబట్టి అదే రాలేదనుకుంటాం. కానీ నేను రాసుకున్నది చూస్తే కాలును "కలు" అంది, నాలుకను "నలుక" అంది, మాలను "మల" అంది, అర్థంలేని మాటల్లో రెండిట్లో దీర్ఘం వదిలేసింది. కొమ్ము ఒక్కచోట కూడా తప్పలేదు. పోయినవారం వచ్చిందనుకున్న దీర్ఘమే జారిపోయింది. పోయినవారం తాత, పాప, మామ అలవాటైన మాటలు కాబట్టి ఊహించి చెప్పేసింది, నేను అది చదవడమే అనుకున్నాను.

దాంతో గుడి తేలేదు. ఆ వారం రోజూ ఒకే హల్లుతో మొదలయ్యే జంటలు చదివించాను: కల, కాలు. తల, తాత. పలక, పాలు. నలుపు, నాలుగు. దీర్ఘం కనిపించిన చోట వేలు బల్లమీద కుడివైపు జరుపుతూ పలకాలి, లేనిచోట ఒక్క తట్టు. వైట్‌బోర్డు మీద నేను కల రాస్తే తను దీర్ఘం పెట్టి "కాల" అనాలి, నేను తుడిచేస్తే మళ్ళీ "కల" అనాలి. మాట్లాడే వేళ మాత్రం ముందుకే వెళ్ళాం, చదవడం ఆగిందని మాటలు ఆపక్కర్లేదు. తర్వాతి ఆదివారం దీర్ఘం ఒక్కచోటే తప్పింది, గుడి మొదలుపెట్టాం.

రోజులు తప్పినప్పుడు, తర్వాత ఏం చేయాలి

జ్వరం వస్తుంది, బంధువులు వస్తారు, బడిలో పరీక్షలుంటాయి. తప్పిన రోజును మర్నాడు రెట్టింపు చేసి పూడ్చకండి. నాలుగు రోజులకంటే ఎక్కువ తప్పితే కొత్తది తేకుండా ఆదివారం కాగితంతోనే మళ్ళీ మొదలుపెట్టండి, ఎక్కడున్నారో అదే చెబుతుంది. రెండు ఆదివారాలు వరుసగా మార్కులు పడిపోతే రోజూ చదివించే కాగితాన్ని తగ్గించి మూడు మాటలు చేయండి, నిమిషాలు తగ్గించకండి.

జంట ఒత్తుల తర్వాత వేరు ఒత్తులు వస్తాయి. డ, గ, చ లాంటి వాటి ఒత్తు ఆ అక్షరంలాగే ఉంటుంది, తలకట్టు ఉండదంతే. త, న, మ, య, ర, ల ఒత్తులకు తమ అక్షరంతో పోలికే ఉండదు, వాటికి విడిగా కార్డులు చేసి వారానికి రెండు చొప్పున తీసుకోండి. మొ, మో, యొ, యో కూడా మామూలు ఒత్వం తీరులో ఉండవు, వాటిని చూపించి చెప్పాలి. ఖ, ఘ, ఝ, ఋ లాంటివి ఏ కథలోనో ఎదురైనప్పుడు చెబితే చాలు.

ఈ దశకు వచ్చాక మీ చేతిరాత కాగితాలు ఆపేసి కథలకు వెళ్ళవచ్చు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ storyweaver.org.in లో తెలుగు బొమ్మల కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా ఉన్నాయి. మొదటి స్థాయిలో ఎక్కువగా పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. పుస్తకం ఎంచుకునే ముందు మీరు ఒక పేజీ చూసి, పిల్లలకు రాని అక్షరాలు, ఒత్తులు మూడుకంటే ఎక్కువ ఉంటే ఇంకోటి వెతకండి. మొదటిరోజు మీరు చదివి వినిపించండి, రెండోరోజు ఒక వాక్యం మీరు, ఒక వాక్యం వాళ్ళు, మూడోరోజు వాళ్ళే. అదే కథను ఆదివారం రికార్డింగ్‌లో పుస్తకం మూసి చెప్పించండి, అప్పటినుంచి ఫోటో అవసరం ఉండదు.